కారం గిర్ని మోటరు కాగుతోంది: తప్పు లోడుదా, లైనుదా, బేరింగుదా?

గిర్ని_నర్సంపేట: 10 హెచ్‌పీ మోటరు, డెల్టా, ప్లేటు మీద 14.5 ఆంపియర్లు. మిర్చి సీజన్‌ల పొద్దంత నడుస్తది. ఇంతకుముందు ఒకసారి కాలింది. ఇప్పుడు గంట దాటితే వార్నిష్ వాసన. కరెంటోళ్లు లోడు ఎక్కువంటరు, మెకానిక్ బేరింగ్ అంటడు. టాంగ్ టెస్టర్‌తో మూడు ఫేజుల కరెంటు చూస్తే ఆర్ 12.4, వై 17.2, బి 13.9. ఎవరి మాట నమ్మాలె?

బెల్టు_పుల్లీ: మెకానిక్ చెప్పిందే నిజం. గిర్నీలల్ల బెల్టు కసిగ బిగిస్తరు, పుల్లీ వైపు బేరింగ్ పోతది. ముందు బేరింగులు మార్చు అన్నా.

వైండర్_కాజీపేట: బెల్టు సంగతి నిజమే, కానీ ఇక్కడ అది కాదు. బేరింగ్ పట్టేసినా, గిర్నీలో కాయ ఎక్కువ పోసినా ఆ బరువు షాఫ్టు మీద పడుతుంది. షాఫ్టుకు ఫేజులు తెలియవు. మూడు కరెంట్లూ కలిసే పెరుగుతాయి. ఇక్కడ వై ఒక్కటే ఎగిరింది. అంటే లైన్‌లోనో, వైండింగ్‌లోనో ఉంది. బేరింగ్ మీద అనుమానం తీరకపోతే బెల్టు తీసి చేత్తో తిప్పండి. పుల్లీ వైపు మూత మోటరు ఒంటికన్నా ఎక్కువ కాగుతోందా అని కూడా చూడండి.

లైనా, మోటరా తేలాలంటే మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి, టెస్ట్ లాంప్‌తో చూసుకున్నాక, స్టార్టరులోకి వచ్చే మూడు తీగలనూ ఒక్కో స్థానం జరపండి. రెండే మారిస్తే మోటరు ఎదురు తిరుగుతుంది, మూడూ జరిపితే పాత దిక్కునే తిరుగుతుంది. మళ్లీ అంతే లోడు మీద మెయిన్ దగ్గర కొలవండి. ఎక్కువ కరెంటు వై లైన్‌లోనే ఉంటే తప్పు వచ్చే కరెంటుది. వేరే లైన్‌కు మారితే మోటరుది.

పరకాల_రైతు: మా బోరు మోటరు కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీదనే నడుపుతున్నం. కాలలే. ఫేజు పోతే మోటరు కాలుతదనేది వైండర్ల మాట.

వైండర్_కాజీపేట: కాకా, మీ మోటరు చుట్టూ బోరు నీళ్లున్నయ్. గిర్ని మోటరు చుట్టూ కారం దుమ్ము. ఆ ముచ్చట వేరే పెట్టుకుందాం.

గిర్ని_నర్సంపేట: తీగలు జరిపి చూసిన. వై లైన్‌లనే ఎక్కువున్నది. నడుస్తుంటే స్టార్టరు దగ్గర ఓల్టేజీ: ఆర్-వై 408, వై-బి 411, బి-ఆర్ 387.

వైండర్_కాజీపేట: సగటు 402. అందులోంచి 387 పోతే తేడా 15, అంటే 3.7 శాతం. ఓల్టేజీలో ఇంత తేడా వస్తే కరెంటులో దానికి ఎన్నో రెట్లు కనబడుతుంది. ఆర్ తగిలే రెండు జతలూ తగ్గాయి కాబట్టి ముందు ఆర్ దారి చూడండి. మోటరు నడుస్తుండగా ఆర్ ఫ్యూజు పై కొసకూ కింది కొసకూ మధ్య ఓల్టేజీ ఎంత? పానా పట్టొద్దు, మీటరు కడ్డీలు మాత్రమే తాకించండి. దాదాపు సున్నా రావాలి.

గిర్ని_నర్సంపేట: 7 వోల్టులు! ఆపి గ్రిప్పు పీకితే పింగాణీ నల్లగైంది, ఇత్తడి రేకు వదులైంది.

వైండర్_కాజీపేట: 7 వోల్టులు, 12.4 ఆంపియర్లు. ఆ రేకు దగ్గరే 87 వాట్ల వేడి పుడుతోంది. పోయినసారి కాలినప్పుడు కాయిల్స్ ఎట్లున్నాయి?

గిర్ని_నర్సంపేట: మూడో వంతు కాయిల్సే నల్లగైనయ్, మిగతావి బాగున్నయ్.

వైండర్_కాజీపేట: డెల్టాలో ఒక ఫేజు పోతే, మిగిలిన రెండు లైన్ల మధ్య నేరుగా ఉండే కాయిల్ వరుస మిగతా రెండింటికి రెట్టింపు కరెంటు తాగుతుంది. అదే కాలుతుంది. ఈ గ్రిప్పే అప్పుడప్పుడు వదిలి ఉండొచ్చు. కానీ ఓల్టేజీ తేడా బాగా ముదిరినా ఇట్లాగే కాలుతుంది, కాబట్టి ఒట్టేసి చెప్పలేను. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఎంత మీద పెట్టారు?

గిర్ని_నర్సంపేట: 18. ఊకె ట్రిప్ అయితుందని మెకానిక్ పెంచిండు.

వైండర్_కాజీపేట: అక్కడే మోసం. లోడు సగం చిల్లర ఉన్నప్పుడు ఫేజు పోతే లైన్‌లో 15 ఆంపియర్లే కనబడొచ్చు, 18 మీద పెట్టిన రిలే కదలకపోవచ్చు. లోపల ఒక కాయిల్ వరుసలో మాత్రం 10 పారుతుంటాయి. దాని ఓపిక 8.4.

గిర్ని_నర్సంపేట: గ్రిప్పు మార్చిన. ఇప్పుడు 412, 411, 394. వై 16.4కు దిగింది. కానీ రిలే 14.5 మీద పెడితే అరగంటకు ట్రిప్ అయితున్నది, గిరాకీ నిలబడుతున్నది.

మీటరు_హన్మకొండ: తేడా ఇంకా 2.9 శాతం. తేడా శాతాన్ని వర్గం చేసి రెట్టింపు చేస్తే, వేడి ఎంత శాతం పెరుగుతుందో సుమారుగా తెలుస్తుంది. ముందు 27, ఇప్పుడు 17. మిగిలింది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దుకాణాలన్నీ ఒకే ఫేజు మీద పడటం వల్ల కావొచ్చు. మెయిన్ ముందు కొలిచిన అంకెలతో దరఖాస్తు పెట్టండి. లోడు మీద కరెంటోళ్లు అన్నదీ పూర్తిగా తప్పు కాదు: మీరు మొదట కొలిచిన మూడు కరెంట్ల సగటు సరిగ్గా ప్లేటు అంకె. ఇంత తేడాలో 10 హెచ్‌పీ మోటరు నుంచి 9 కన్నా ఎక్కువ అడగకూడదు. రేకుల షెడ్డులో ఎండాకాలం ఇంకా తక్కువ.

బెల్టు_పుల్లీ: గట్లయితే 15 హెచ్‌పీ పెట్టు, లొల్లి ఉండది.

వైండర్_కాజీపేట: పెద్ద మోటరుకూ ఇదే తేడా తగులుతుంది, మూడో వంతు ఖాళీగా నడుస్తుంది కాబట్టి ఓర్చుకుంటుంది. దానికన్నా ముందు హాపర్ గేటు కొంచెం దించి కాయ తగ్గించండి, వెనక ఫ్యాన్ జాలీలో కారం దులపండి. రిలే మాత్రం కదపొద్దు.

గిర్ని_నర్సంపేట: గేటు దించితే వై 14.3. ట్రిప్ లేదు, వాసన లేదు. కానీ బస్తాకు టైము ఎక్కువ పడుతున్నది, లైన్‌ల నిలబడ్డోళ్లు కోపానికొస్తున్నరు.

బెల్టు_పుల్లీ: నేను అదే చెప్పిన, 15 హెచ్‌పీ.