బోర్డు ముందు శుభ్రం చెయ్యాలా, ఏది నిజమో ముందు చూడాలా?

కొత్తమేనేజర్: సోమవారం టీమ్ నా చేతికొచ్చింది, ఆరుగురు మనుషులు, జిరాలో ఇన్ ప్రోగ్రెస్‌లోనే 38 టికెట్లు. మొదటి వారంలోనే పాతవి క్లోజ్ చేసెయ్యాలా, లేక ముందు అసలు పరిస్థితి చూసుకోవాలా?

గోదారిగట్టు: 90 రోజులు దాటినవన్నీ బల్క్‌గా క్లోజ్ చేసెయ్ బ్రో. నిజంగా కావాల్సింది ఉంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. నేనలాగే చేశా.

పాతకాపు: వద్దండీ, మొదటి వారం ఒక్క టికెట్ కూడా ముట్టుకోవద్దు. బల్క్‌గా మారిస్తే అన్నిటి అప్‌డేటెడ్ తేదీ ఆ రోజుదైపోతుంది, ఇంక ఏది ఎప్పట్నుంచి కదల్లేదో లిస్టు చూసి చెప్పలేరు. మామూలుగా కూడా ఆ తేదీని నమ్మలేం, ఎవరైనా ఊరికే ఓ కామెంట్ పెట్టినా మారిపోద్ది. స్టేటస్ ఎప్పుడు మారిందో చూడండి:

```
status = "In Progress" AND NOT status CHANGED AFTER -14d
```

నేను కొత్త టీమ్‌లో చేరినప్పుడు ఇది కొడితే 31లో 19 వచ్చాయి, అందులో నాలుగు ఎప్పుడో ఉద్యోగం మానేసినవాళ్ళ పేరు మీదున్నాయి. అయితే నన్ను భయపెట్టింది అవి కాదు, డన్ కాలమ్. చివరి పది డన్ టికెట్లు తీసి, ఒక్కోటీ ప్రొడక్షన్‌లో నా చేత్తో నేనే నొక్కి చూశా, నాలుగు పనిచెయ్యలేదు. ఒకటి రిఫండ్ రీట్రై, కోడ్ మర్జ్ అయింది గానీ ఫీచర్ ఫ్లాగ్ ఆఫ్‌లో ఉంది, ఆన్ చెయ్యాలంటే బ్యాంకు వాళ్ళు కీ ఇవ్వాలి, ఆ మాట ఏ టికెట్‌లోనూ లేదు. క్లయింట్ మాత్రం రిలీజ్ అయిపోయిందనే అనుకుంటున్నారు. డెవలపర్ అబద్ధమేం చెప్పలేదు, ఆ అబ్బాయి లెక్కలో డన్ అంటే మర్జ్ అవ్వడమే.

డల్లాస్‌బాబాయ్: మా దగ్గరా ఇదే గొడవ, ట్రెల్లోకి మారాం, ఆర్నెల్లకి అది కూడా ఇలాగే తయారైంది. టూల్ మార్చొద్దమ్మా.

కొత్తమేనేజర్: టూల్ మార్చట్లేదండీ, ఉన్న బోర్డు గురించే అడిగా.

టెస్టింగ్‌అక్క: ఇంత శ్రమ ఎందుకు? `git branch -r --no-merged origin/main` కొడితే మిగిలిన పనంతా బయటపడిపోద్దిగా.

పాతకాపు: కొంతవరకే అక్కా. స్క్వాష్ మర్జ్ చేసే టీమ్ అయితే ఎప్పుడో లోపలికెళ్ళిన బ్రాంచిలు కూడా మర్జ్ కానట్టే కనిపిస్తాయి, పైగా ఆ రిఫండ్ లాంటివి అసలు దొరకవు, వాటి కోడ్ ఆల్రెడీ మెయిన్‌లోనే ఉంది కదా. అందుకే బోర్డు మూసేసి ఒక్కొక్కరితో పావుగంట కూర్చుని "ఈరోజు నీ చేతిలో ఏముంది, ఎవరి కోసం ఆగావు" అని అడగాలి. మా రిఫండ్ బ్యాంకు కీ కోసం ఆగిందన్న సంగతి అలా అడిగితేనే తెలిసింది.

గోదారిగట్టు: అడగండి, కాదనను. కానీ రెండేళ్ళ నాటి టికెట్లు బోర్డు మీదుంటే టీమ్ దాన్ని చూడ్డమే మానేస్తారు. ఆ విషయంలో నా మాట మార్చుకోను.

కొత్తమేనేజర్: ఇప్పుడే ఆ క్వెరీ కొట్టా, 38లో 22 వచ్చాయి. డన్‌లోవి రేపు పొద్దున్నే చూస్తా. పనిచెయ్యనివి దొరికితే క్లయింట్‌కి ఆరోజే చెప్పాలా, టీమ్‌తో మాట్లాడే దాకా ఆగాలా?

పాతకాపు: డబ్బుకి సంబంధించినదైతే ఆరోజే చెప్పండి. మిగతావి మాత్రం, నేను ఒకసారి తొందరపడి చెప్పేశా, ఆ డెవలపర్ నాతో నెల రోజులు మనసు విప్పి మాట్లాడలేదు.