ఉద్యాన ఎమ్మెస్సీ థీసిస్ వైవా: ఎగ్జామినర్లు ఏమేం అడుగుతారు?

కోత_తర్వాత: వచ్చే నెలలో నా వైవా. బంగినపల్లి కాయలను కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి, గది ఉష్ణోగ్రత దగ్గర నిల్వ ఉంచాను. ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు, సీఆర్‌డీ. పన్నెండో రోజున బరువు నష్టం 2 శాతం ద్రావణంలో 9.1, 1 శాతంలో 9.7, కంట్రోల్‌లో 14.2 శాతం. 2 శాతమే మేలని రాశాను. ప్రశ్నలు ఎక్కడి నుంచి మొదలవుతాయి?

మల్లెతీగ: బరువు ఎందుకు తగ్గిందని తప్పకుండా అడుగుతారు. కాయ శ్వాసక్రియ వల్లే అని చెప్పండి.

పాత_పరీక్షకుడు: శ్వాసక్రియ వాటా కొంతే. పోయేది ఎక్కువగా తొక్క మీదుగా ఆవిరయ్యే నీరు. అలా చెబితేనే గదిలో తేమ ఎంత ఉందన్న తర్వాతి ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది.

అసలు చిక్కు మీ సిఫారసులో ఉంది. ఎర్రర్ మీన్ స్క్వేర్ ఎంత వచ్చింది?

కోత_తర్వాత: 0.54 అండి.

పాత_పరీక్షకుడు: దాన్ని రెట్టింపు చేసి మూడుతో భాగిస్తే 0.36, వర్గమూలం 0.6. మీ ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 16 కాబట్టి 5 శాతం స్థాయిలో టీ విలువ 2.12. రెండూ గుణిస్తే సీడీ 1.27. మీ రెండు ద్రావణాల మధ్య తేడా 0.6 మాత్రమే. అంటే రెండూ ఆన్ పార్. "అలాంటప్పుడు రైతు రెట్టింపు మందు ఎందుకు కొనాలి?" అని నేనైతే అడుగుతాను. కంట్రోల్ కంటే రెండూ మెరుగే, ఖర్చు తక్కువ కాబట్టి 1 శాతం చాలు అని రాయండి. బోర్డు మీద ఈ లెక్క చేసి చూపమంటారు, చేతితో వేసి చూసుకోండి.

బంతిపూల_పొలం: నన్ను ఆర్‌బీడీ ఎందుకని అడిగారు. పొలం ఒకవైపు వాలుగా ఉండేది, బ్లాకులను వాలుకు అడ్డంగా వేశానని గీసి చూపించాను. దాని మీదే చాలాసేపు నడిచింది.

పాత_పరీక్షకుడు: ఆయన ప్రయోగం గదిలో జరిగింది, అక్కడ సీఆర్‌డీ సరిపోతుంది. అయితే కిటికీ పక్కన, గోడ పక్కన వేర్వేరు ట్రేలు పెట్టి ఉంటే ఆ ప్రశ్న ఆయనకూ వస్తుంది. ఇంకొకటి: బరువు తూచిన కాయలనే కోసి టీఎస్‌ఎస్ చూశారా?

కోత_తర్వాత: లేదండి. తూచేవి చివరి వరకు అవే. కోయడానికి ప్రతి ట్రీట్‌మెంట్‌లో వేరే కాయలు ఉంచాను.

పాత_పరీక్షకుడు: మంచిది. ఆ మాట పద్ధతుల అధ్యాయంలో స్పష్టంగా ఉండాలి, చాలామంది రాయరు.

మల్లెతీగ: శాతాల్లో ఉన్న డేటాకు ఆర్క్‌సైన్ మార్పు చేయాలి కదా? మా గైడ్ అన్నిటికీ చేయించారు.

పాత_పరీక్షకుడు: కుళ్లిన కాయలను లెక్కపెట్టి తీసిన శాతానికి చేయాలి. బరువు నష్టం తూచి తీసినది, దానికి నేను అడగను. అడిగేవారూ ఉన్నారు.

కోత_తర్వాత: మా గైడ్ కూడా చేయమనే అన్నారు. రెండు విధాలా విశ్లేషించి, తేడా ఉందేమో చూసుకుంటాను.