తల్లి గొర్రె బరువు నుంచి అనువంశికత లెక్కిస్తే 0.92 వచ్చింది: నమ్మవచ్చా?

పరకాల విద్యార్థిని:
అందరికీ నమస్కారం. నా పీజీ ప్రాజెక్టు కోసం పర్వతగిరి, రాయపర్తి, జనగామ వైపు ఉన్న మూడు గొర్రెల మందల నుంచి 118 తల్లీపిల్లల జతల బరువులు సేకరించాను. తల్లి తన ఆరో నెలలో తూగిన బరువు యజమానుల పుస్తకాల్లోనే ఉంది. పిల్లల ఆరో నెల బరువును కొన్నింటికి నేనే తూచాను, మిగిలినవి పుస్తకాల నుంచి తీసుకున్నాను. పిల్ల బరువును తల్లి బరువుపై రిగ్రెషన్ చేస్తే వాలు 0.46, దాని ప్రామాణిక దోషం 0.08 వచ్చాయి. ఒక్క తల్లి బరువే తెలుసు కాబట్టి వాలును రెట్టింపు చేయాలని చదివాను. ఆ లెక్కన నారో సెన్స్ అనువంశికత 0.92 అవుతుంది. గొర్రె బరువులో 92 శాతం జన్యువుల నుంచే వస్తుందని రాస్తే మా గైడు గారు ఒప్పుకుంటారా?

గణాంకాల మాస్టారు, హనుమకొండ:
అమ్మా, రెట్టింపు చేయడం వరకు సరైనదే. తల్లి తన జన్యువుల్లో సగమే పిల్లకు ఇస్తుంది కాబట్టి, వేరే చిక్కులేవీ లేకపోతే, తల్లి ఒక్కదానిపై వచ్చే వాలు అనువంశికతలో సగం ఉంటుంది. తల్లిదండ్రులిద్దరి సగటుపై రిగ్రెషన్ చేసి ఉంటే రెట్టింపు అవసరం ఉండేది కాదు, వాలే అనువంశికత అయ్యేది. గాల్టన్ 1886లో 205 జంటల తల్లిదండ్రుల సగటు ఎత్తుపై వారి 928 మంది పిల్లల ఎత్తును గీసినప్పుడు వచ్చిన వాలు సుమారు మూడింట రెండు వంతులు. స్త్రీల ఎత్తును ముందే 1.08తో గుణించి పురుషుల కొలతకు తెచ్చుకున్న తర్వాతే ఆయన ఆ లెక్క చేశారు. నీ పిల్లల్లో పోతులు, పెంటులు రెండూ ఉంటాయి కదా, ఆ తేడాను సరిచేశావా?

అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మూడు మందలనూ ఒకే గంపలో పోసి గీత గీశావా?

పరకాల విద్యార్థిని:
అవును సార్, మూడింటినీ కలిపే గీశాను. లింగభేదం కూడా సరిచేయలేదు. మందలను విడదీస్తే ఒక్కోదానిలో జతలు తగ్గిపోతాయని భయపడ్డాను.

కోళ్ల బ్రీడింగ్ చేసిన సభ్యుడు:
వాలు కంటే సహసంబంధ గుణకమే మేలని నా అభిప్రాయం. దాన్ని రెట్టింపు చేస్తే కొలమానాల గొడవ ఉండదు. మా ఫారంలో మేము ఎప్పుడూ అలాగే చేసేవాళ్లం.

గణాంకాల మాస్టారు:
తల్లుల వేరియన్స్, పిల్లల వేరియన్స్ సమానంగా ఉన్నప్పుడు మీరన్నది సరిపోతుంది, అప్పుడు ఆ రెండూ ఒకటే. కానీ మందలో తల్లులుగా మిగిలేవి ఏరి ఉంచుకున్నవి, ఎందుకంటే తేలికవాటిని యజమాని ముందే అమ్మేస్తాడు. తల్లుల బరువుల్లో వ్యాప్తి అలా కుదించుకుపోతే సహసంబంధం తగ్గిపోతుంది. వాలు మాత్రం, ఏరిక తల్లి బరువును బట్టే జరిగినంత వరకు, దాదాపు అలాగే ఉంటుంది. తల్లీపిల్లల లెక్కకు వాలును వాడడానికి ఇదే పెద్ద కారణం.

ఇక మందలను కలపడం వల్ల జరిగేది ఆరు జతలతోనే కనిపిస్తుంది. ఇవి అర్థం కావడానికి నేను కల్పించిన అంకెలు. మేత తక్కువగా ఉన్న మందలో తల్లులు 14, 15, 16 కిలోలు, వాటి పిల్లలు వరుసగా 14.6, 14.5, 15.0 కిలోలు అనుకుందాం. మేత బాగున్న మందలో తల్లులు 18, 19, 20 కిలోలు, పిల్లలు 16.9, 17.4, 17.3 కిలోలు. ఏ మందకు ఆ మందగా గీస్తే రెండింటిలోనూ వాలు 0.2, అంటే అనువంశికత 0.4. ఆరింటినీ కలిపి గీస్తే వాలు 0.56కు చేరుతుంది, రెట్టింపు చేస్తే 1.13 అవుతుంది. అనువంశికత ఒకటిని దాటడానికి వీల్లేదు. కాబట్టి ఆ గీత జన్యువులతో పాటు ఇంకేదో కొలుస్తోందన్నమాట. మంచి మేత దొరికిన మందలో తల్లి అదే మేతతో పెరిగింది, పిల్లా అదే మేతతో పెరిగింది. ఆ పోలిక కూడా వాలులోకి చేరిపోయింది.

మందను, లింగాన్ని మోడల్‌లో చేర్చి చూడు. జతలు తగ్గవు, మందల సగటుల మధ్య తేడా మాత్రం పక్కకు వెళ్తుంది.

```r
m1 <- lm(lamb ~ dam, data = d)
m2 <- lm(lamb ~ dam + flock + sex, data = d)
coef(summary(m2))["dam", 1:2]
```

పరకాల విద్యార్థిని:
చేశాను సార్. తల్లి వాలు 0.46 నుంచి 0.17కు పడిపోయింది, ప్రామాణిక దోషం 0.09. అంటే అనువంశికత 0.34 అయింది. దోషాన్ని కూడా రెట్టింపు చేయాలా?

గణాంకాల మాస్టారు:
తప్పకుండా చేయాలి. అది 0.18 అవుతుంది. ఆ లెక్కన అసలు విలువ దాదాపు సున్నా నుంచి 0.7 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 0.34 అని రాసి దోషాన్ని రాయకపోతే చదివేవారు మోసపోతారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మందల మధ్య తేడాలో కొంత నిజంగానే జన్యుపరమైనది కావచ్చు, ఎవరైనా మంచి జాతి పొట్టేలును తెచ్చి ఉండవచ్చు. నీ దత్తాంశంతో దాన్ని విడదీయలేము. ఈ 0.34 మంద లోపలి తేడాల గురించే చెబుతుంది.

జనగామ పశువైద్యుడు:
మాస్టారు గారి లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను, కానీ 0.34 కూడా పైకి వంగిన అంకెనే అనిపిస్తోంది. పిల్లకు తల్లి జన్యువులు మాత్రమే ఇవ్వదు, పాలు కూడా ఇస్తుంది. బాగా పెరిగిన తల్లికి పాలు ఎక్కువగా ఉంటే పిల్ల బరువు తల్లి బరువును పోలి ఉంటుంది, అది రెట్టింపు లెక్కలో అనువంశికతగా నమోదవుతుంది. మూడో నెలలో పాలు మాన్పించే నాటికి ఈ ప్రభావం గట్టిగా ఉంటుంది, ఆరో నెలకు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పొట్టేలు బరువుపై రిగ్రెషన్ చేస్తే ఈ సమస్య ఉండదు, ఎందుకంటే పొట్టేలు పాలివ్వదు. మీ మూడు మందల్లో ఎన్ని పొట్టేళ్లు ఉన్నాయి?

పరకాల విద్యార్థిని:
మొత్తం ఐదు సార్. వాటిలో రెండింటి ఆరో నెల బరువు ఎవరికీ తెలియదు, సంతలో కొన్నవి.

జనగామ పశువైద్యుడు:
మూడు చుక్కలతో గీత గీస్తే ఏ వాలైనా వస్తుంది. ఆ దారి మూసుకుపోయినట్లే. తల్లి ప్రభావం ఇందులో కలిసి ఉందని పరిమితుల్లో స్పష్టంగా రాయండి.

రాయపర్తి మంద యజమాని:
మీ మాటలు చదువుతున్నాను సార్. 0.34 అంటే ఇరవై కిలోల పిల్లలో ఏడు కిలోలు తల్లిదండ్రుల నుంచి, పదమూడు కిలోలు నా మేత నుంచి వచ్చినట్లేనా? అలాగైతే మంచి పొట్టేలుకు డబ్బు పెట్టడం దండగ. పోయిన ఏడు దాణా పెట్టాను, మంద మొత్తం రెండేసి కిలోలు పెరిగింది. ఇంక జన్యువులతో పనేముంది?

గణాంకాల మాస్టారు:
అన్నా, ఒక్క గొర్రె బరువును అలా ముక్కలు చేయలేము. మేత లేకపోతే ఆ ఏడు కిలోలూ ఉండవు, జన్యువులు లేకపోతే గొర్రే ఉండదు. 0.34 చెప్పేది బరువు గురించి కాదు, బరువుల్లో తేడాల గురించి. మీ మందలో ఒకటి పదహారు, ఇంకొకటి ఇరవై తూగుతుంటే, అలాంటి ఎక్కువతక్కువల మొత్తం వేరియన్స్‌లో మూడింట ఒక వంతు పిల్లలకు కూడుతూ పోయే జన్యు తేడాల వల్ల వచ్చిందని దాని అర్థం.

మీ దాణా అన్నింటికీ సమానంగా అందితే అన్నీ రెండేసి కిలోలు పెరుగుతాయి, వాటి మధ్య తేడాలు అలాగే ఉంటాయి. అప్పుడు సగటు మారినా అనువంశికత మారదు. అందుకే అనువంశికత 0.9 ఉన్నా మేత పనిచేయదని చెప్పలేము. మీరు మేతను ఇంకా సమానంగా పంచి తేడాలను తగ్గించారనుకోండి. కూడే జన్యు వేరియన్స్ 1, మిగిలినది 2 ఉన్నప్పుడు అనువంశికత 0.33. మిగిలినది 1కి తగ్గితే 0.5 అవుతుంది. ఒక్క జన్యువు మారకుండానే అంకె మారింది. కాబట్టి ఇది గొర్రె జాతికి అంటిపెట్టుకున్న గుణం కాదు, ఆ మందకు, ఆ కాలానికి చెందిన కొలత.

పొట్టేలు సంగతికి వస్తే, మంద సగటు కంటే ఆరో నెలలో రెండు కిలోలు ఎక్కువ తూగిన పొట్టేలును, సగటు గొర్రెలను కలిపితే, తల్లిదండ్రుల సగటు ఆధిక్యం ఒక కిలో. దాన్ని 0.34తో గుణిస్తే పిల్లలకు సగటున 340 గ్రాములు. అది చిన్నదో పెద్దదో ధర మీకే తెలుసు. ఆ లాభం తర్వాతి తరానికీ నిలుస్తుంది, దాణా మాత్రం ప్రతి ఏడూ కొనాలి. కానీ ఆ పొట్టేలును వేరే మందలో, వేరే మేత మీద తూచి ఉంటే ఈ లెక్క వర్తించదు.

రాయపర్తి మంద యజమాని:
అర్థమైంది సార్. ఒక మాట దాచకూడదు. మా పుస్తకంలో ఆరు నెలల బరువు అని రాసినవి నిజానికి సంక్రాంతికి ముందు ఒకే రోజున మందనంతా తూచినవి. అప్పటికి కొన్ని పిల్లలకు ఐదు నెలలు, కొన్నింటికి ఏడు దాటాయి. తల్లుల బరువులూ అప్పట్లో అలాగే రాశాము.

పరకాల విద్యార్థిని:
అయ్యో, ఇది నేను అడగనే లేదు. పుస్తకంలో తల్లికీ పిల్లకూ ఇద్దరికీ పుట్టిన నెల ఉన్న జతలు 118లో 71 మాత్రమే. వాటితో వయసులు కూడా చేర్చి మళ్లీ చూస్తే వాలు 0.21, ప్రామాణిక దోషం 0.12 వస్తున్నాయి.

గణాంకాల మాస్టారు:
పిల్ల వయసులో తేడా ప్రధానంగా చెదురును పెంచుతుంది. తల్లి వయసులో తేడా మాత్రం అడ్డు అక్షం మీద ఉంటుంది కాబట్టి వాలును కిందికి లాగుతుంది. అందుకే సరిచేశాక కొంచెం పెరిగి ఉండవచ్చు. కానీ దోషం 0.12 ఉన్నప్పుడు 0.17కూ 0.21కీ తేడా ఉందని ఎవరూ అనలేరు. నేనైతే 71 జతల లెక్కనే ముందు పెడతాను.

జనగామ పశువైద్యుడు:
నేను ఒప్పుకోను. పుట్టిన నెల రాసుకున్న యజమానులు మంద మీద శ్రద్ధ ఉన్నవారు, ఆ 71 జతలు అన్ని జతలకూ నమూనా కావు. రెండు లెక్కలనూ పక్కపక్కనే రాయండి, ఏది ప్రధానమో గైడు గారు తేలుస్తారు.

పరకాల విద్యార్థిని:
ఆ 71లో 52 జతలు రాయపర్తి మందవే సార్, ఇప్పుడే లెక్కపెట్టాను. పర్వతగిరి యజమాని ఇంట్లో పాత పుస్తకం ఒకటి ఉందంటున్నారు. ఆదివారం వెళ్లి చూసి వచ్చి ఇక్కడే రాస్తాను.