పన్నెండో సెటిల్‌మెంట్ ఎరియర్స్: 10Eలో రిలీఫ్ సున్నా

గోదారి_క్లర్క్:
మా బ్యాంకు ఉద్యోగుల పన్నెండో జీతాల సెటిల్‌మెంట్ వల్ల 2024-25లో 2 లక్షల ఎరియర్స్, అంటే పాత జీతం బకాయిలు, వచ్చాయి. అందులో 60,000 2022-23వి, 1,40,000 2023-24వి. బ్యాంకు 36,400 పన్ను పట్టుకుంది. బకాయిలపై పన్ను రిలీఫ్ అడిగే ఫారం 10E నింపితే రిలీఫ్ సున్నా చూపిస్తోంది. ఎక్కడ తప్పు?

శ్రీను_బెజవాడ:
10E వేస్తే రిలీఫ్ రాకపోవడమేంటి? మా బ్రాంచిలో అందరికీ వచ్చింది. మీరు కొత్త పద్ధతిలో ఉన్నారు కాబోలు. పాతదానికి మారండి, వస్తుంది.

పెన్షనర్_మూర్తి:
క్లర్క్ గారూ, ఎరియర్స్ కాకుండా ఏ ఏడాది టాక్సబుల్ ఆదాయం ఎంత?

గోదారి_క్లర్క్:
2022-23లో 7.5 లక్షలు, 2023-24లో 8 లక్షలు, రెండూ పాత పద్ధతి. 2024-25 కొత్త పద్ధతిలో 11 లక్షలు.

పెన్షనర్_మూర్తి:
అయితే లెక్క సరైనదే. 2024-25లో 11 నుంచి 13 లక్షలకు వెళ్తే లక్షకు 15 శాతం, ఇంకో లక్షకు 20 శాతం, సెస్సుతో 36,400. అదే డబ్బు ఆ రెండేళ్లలోనే వచ్చి ఉంటే మొత్తానికీ 20 శాతం పడేది, అంటే 41,600. ఇప్పటి పన్ను ఎక్కువైతేనే ఆ తేడా రిలీఫ్‌గా వస్తుంది. మీకు తక్కువే పడింది.

శ్రీను_బెజవాడ:
పాత పద్ధతి సంగతి చెప్పరేం?

పెన్షనర్_మూర్తి:
చూద్దాం. ఆయనకు 80సి లక్షన్నర తప్ప వేరే మినహాయింపులు లేవనుకుంటే, పాత పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ 25,000 తక్కువ కాబట్టి ఎరియర్స్ కలిపి ఆదాయం 11.75 లక్షలు, పన్ను 1,71,600. రిలీఫ్ 18,200 వస్తుంది, నిజమే. అది తీసేసినా 1,53,400 కట్టాలి. కొత్తదాంట్లో ఏ రిలీఫూ లేకుండా 1,04,000. రిలీఫ్ కోసం 49,400 ఎక్కువ కడతారా?

రమణి_గుంటూరు:
మా ఆఫీసు రిలీఫ్ లెక్కగట్టి ఫారం 16లో చూపించింది. పోర్టల్‌లో 10E వేయాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. రిటర్న్ ప్రాసెస్ చేసేటప్పుడు రిలీఫ్ కొట్టేసి డిమాండ్ పంపారు. టెన్షన్ అంతా నాది. రిలీఫ్ ఉన్నవాళ్లు రిటర్న్‌కి ముందే 10E వేయండి.

శ్రీను_బెజవాడ:
మూర్తి గారూ, మీ లెక్కలు బ్యాంకు వైపే ఉన్నాయి. సెటిల్‌మెంట్ అమలు 2022 నవంబరు 1 నుంచి, సంతకం 2024 మార్చి 8న. మన డబ్బు అన్నాళ్లు వాళ్ల దగ్గరుంది, పైసా వడ్డీ లేదు. నేను అడిగేది అదే!

పెన్షనర్_మూర్తి:
ఆ అన్యాయం నేను కాదనడం లేదు బాబూ. కానీ ఈ రిలీఫ్ ఇచ్చే సెక్షన్ 89 ఆలస్యానికి పరిహారం కాదు, ఆలస్యం వల్ల పన్ను పెరగకుండా చూసేది మాత్రమే. వడ్డీ సంగతి యూనియన్‌ని అడగాలి.

శ్రీను_బెజవాడ:
యూనియనే సంతకం పెట్టింది కదండీ.

గోదారి_క్లర్క్:
మరి సున్నా వచ్చినా 10E వేయాలా?

పెన్షనర్_మూర్తి:
రిలీఫ్ అడగనప్పుడు అక్కర్లేదు.

రమణి_గుంటూరు:
నేనైతే వేసే ఉంచుతాను.