అజిత్రోమైసిన్ మూడు రోజులైనా జ్వరం తగ్గలేదు, డాక్సీసైక్లిన్‌కు మార్చమని అడగాలా?

మాది మిర్యాలగూడ. మా బాబుకు తొమ్మిదేళ్లు, 26 కిలోలు. పది రోజులుగా పొడి దగ్గు, సాయంత్రమైతే 101 జ్వరం. బడికి పోతానంటాడు కానీ రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు. మొదట అమాక్సిసిలిన్ ఐదు రోజులు వేశాం, ఏమాత్రం గుణం కనిపించలేదు. ఎక్స్‌రే చూసి నల్గొండ డాక్టరు మైకోప్లాస్మా న్యుమోనియా అన్నారు. అమాక్సిసిలిన్ బ్యాక్టీరియా గోడ మీద పనిచేస్తుందట, ఈ క్రిమికి ఆ గోడే లేదట. అజిత్రోమైసిన్ లోపలి ప్రోటీన్ తయారీని ఆపుతుందని దాన్ని రాశారు: మొదటి రోజు 250 మిల్లీగ్రాములు, తర్వాత నాలుగు రోజులు 125. ఒక్క డోసూ తప్పలేదు. మూడు రోజులు నిండాయి, జ్వరం అంతే ఉంది. ఆయాసం లేదు, ఆక్సిజన్ 97. కొన్ని మైకోప్లాస్మాలు అజిత్రోమైసిన్‌కు లొంగవని, అప్పుడు డాక్సీసైక్లిన్ ఇస్తారని విన్నాక టెన్షన్‌గా ఉంది. ఐదు రోజుల కోర్సు పూర్తయ్యేదాకా ఆగాలా, ఇప్పుడే డాక్టర్‌ను మందు మార్చమని అడగాలా?