“23 రోజుల్లో” అని ఎందుకొచ్చింది? నోటితో టైపు చేసేవాళ్ళకి ఒక ప్రశ్న

కామారెడ్డి, పొదుపు సంఘం లెక్కలు రాసే ఆమె:
అందరికీ నమస్తే. మా సంఘం మీటింగు తీర్మానాలు నేనే రాస్త. చేతితో టైపు చేసుడు ఆలస్యమైతుందని గూగుల్ డాక్స్‌లో మైకు పెట్టి చెప్తున్న. నిన్న నేను చెప్పిన మాట ఇది:

“కామారెడ్డి బ్రాంచికి రెండు మూడు రోజుల్లో వెళ్ళి కామా లోన్ బ్యాలెన్స్ పన్నెండు వేల అయిదు వందలు కట్టాలి ఫుల్ స్టాప్”

వచ్చింది ఇది:

“కామారెడ్డి బ్రాంచ్ కి 23 రోజుల్లో వెళ్లి కామా లోన్ బ్యాలెన్స్ 12500 కట్టాలి ఫుల్ స్టాప్”

కామా, ఫుల్ స్టాప్ అక్షరాల్లోనే వచ్చినయి. సరే అని, “కామా” అన్న చోటల్లా గుర్తు పెట్టమని ఒకేసారి మార్పించిన. ఊరి పేరు “,రెడ్డి” అయిపోయింది. దీనికి దారేమన్నా ఉందా?

డాలస్ నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
అక్కా, అంకెలు ఇంగ్లీషులో చెప్పి చూడండి. “ట్వెల్వ్ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్” అంటే తప్పు పోదు. ఫోన్లో అయితే మైకుకి తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలూ పెట్టుకోండి. ఏ మాట ఏ భాషదో అదే పట్టుకుంటుంది.

తెనాలి, విశ్రాంత తెలుగు పండితులు:
మన తాళపత్రాల్లో ఈ కామాలూ ఫుల్‌స్టాపులూ ఎక్కడున్నాయమ్మా? పద్యం ముగిసిన చోట నిలువు గీతలుండేవి, అంతే. ఇంగ్లీషు అచ్చు పుస్తకాలు చూసి తెచ్చుకున్న గుర్తులివి. తీర్మానంలో అవి లేకపోయినా క్రియతో వాక్యం ముగిసినట్టు తెలిసిపోతుంది. వాడక తప్పదంటే పూర్ణవిరామం అనే చక్కని మాట ఉండగా ఫుల్ స్టాప్ అనడం దేనికి?

విజయవాడ, అనువాదాలు చేసే వ్యక్తి:
మాస్టారూ, మీరు వేరే ఉద్దేశంతో అన్నా, ఆమెకి కావలసిన మందు మీ మాటలోనే ఉంది. రోజూ పేజీలకు పేజీలు నోటితోనే చెప్పి రాసేవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు విరామ చిహ్నాలు. డాక్స్‌లో గుర్తు పేరు చెబితే గుర్తే పడే సౌకర్యం ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి లాంటి కొద్ది భాషలకే ఇచ్చారు, అందులో తెలుగు లేదు. మీరు ఎంత స్పష్టంగా పలికినా అక్షరాలే వస్తాయి. కాబట్టి ఒక మాట చెప్పి, తర్వాత దాన్ని ఒక్కసారిగా గుర్తుగా మార్చుకోవడమే దారి. ఆ మాట మామూలు రాతలో ఎక్కడా రానిదై ఉండాలి. “చుక్క” పెట్టుకుంటే నీటి చుక్క పోతుంది. “ఫుల్ స్టాప్” కి ఇంకో చిక్కు ఉంది. అది ఒకసారి “ఫుల్ స్టాప్” అని విడిగా, ఒకసారి “ఫుల్‌స్టాప్” అని కలిసి పడుతుంది. కలిసినప్పుడు మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి ఉండొచ్చు. మీరు వెతికే పెట్టెలో అది లేకపోతే ఎదురుగా ఉన్న మాట కూడా దొరకదు. “పూర్ణవిరామం” కి ఆ బాధ లేదు, మహా అయితే “పూర్ణ విరామం” అని రెండు ముక్కలవుతుంది.

చెప్పడం మొత్తం అయ్యాక కంప్యూటర్లో Ctrl+H నొక్కి, Use regular expressions అన్న దగ్గర టిక్కు పెట్టి ఇది వెతకండి:

```
\s*పూర్ణ\s*విరామం
```

మార్చాల్సిన చోట ఒక చుక్క పెట్టండి. మాటల మధ్య ఖాళీ ఉన్నా లేకున్నా పట్టుకుంటుంది, ముందున్న ఖాళీని కూడా తీసేస్తుంది. కామాకి ఇది:

```
\s+కామా\s+
```

దీని బదులు కామా, తర్వాత ఒక ఖాళీ. రెండు పక్కలా ఖాళీ ఉన్న కామానే మారుతుంది కాబట్టి కామారెడ్డి జోలికి పోదు, కామాక్షి అని సభ్యురాలు ఎవరైనా ఉంటే ఆవిడ జోలికీ పోదు.

కామారెడ్డి:
ఇప్పుడే చేసి చూసిన సార్, ఊరు భద్రంగా ఉంది. మరి ఆ 23 సంగతి?

విజయవాడ:
అంకెల పేర్లు వరసగా వినపడితే వాటిని అంకెల్లోకి మార్చే పని ఒకటి లోపల జరుగుతుంది. “పన్నెండు వేల అయిదు వందలు” 12500 అయింది దాని వల్లే. మనం ఉజ్జాయింపుగా “రెండు మూడు” అన్నా దానికి రెండంకెలు పక్కపక్కన ఉన్నట్టే. “పదిహేను ఇరవై మంది” 1520 మంది కావచ్చు. ఇది తీర్మానం పుస్తకంలో ప్రమాదం, ఎందుకంటే 23 రోజులు అన్నది చదివినవాళ్ళకి తప్పులా కనబడదు. “ఫుల్ స్టాప్” అని మిగిలిపోతే ఎవరైనా దిద్దుతారు, దీన్ని ఎవరూ పట్టుకోరు. అందుకే “రెండు నుంచి మూడు రోజుల్లో”, “రెండు లేదా మూడు” అని మధ్యలో మాట వేయండి. “నాలుగైదు”, “ఏడెనిమిది” లాంటివి కలిసిపోయిన మాటలు కాబట్టి నా అనుభవంలో అక్షరాల్లోనే క్షేమంగా వస్తున్నాయి.

డాలస్ తమ్ముడూ, ఫోన్ నంబర్ల వరకు నీ మాట నిజం. ఒక్కో అంకె ఇంగ్లీషులో, “డబుల్” అనకుండా చెబితే బాగా వస్తుంది. కానీ ఉజ్జాయింపుకి ఇంగ్లీషు మందు కాదు. “టెన్ ఫిఫ్టీన్” అంటే పదీ పావు అనుకుని 10:15 అని రాసే వీలుంది.

డాలస్:
ఒప్పుకుంటున్నానన్నా, ఉజ్జాయింపు సంగతి నాకు తట్టలేదు. మరి రెండు భాషలు పెట్టుకోవడం?

విజయవాడ:
ఒక మెసేజి తెలుగు, ఇంకోటి ఇంగ్లీషు అయితే అది హాయి. ఒకే వాక్యంలో రెండూ కలిస్తే మాత్రం నా ఫోన్లో చాలాసార్లు వాక్యం మొత్తాన్ని ఒక భాషలోకి లాగేస్తోంది. తెలుగు వాక్యం ఇంగ్లీషు మాటల గుంపై కూర్చుంటుంది. తీర్మానాలకి తెలుగు ఒక్కటే ఉంచుకుని, ఇంగ్లీషు మాటని మనింట్లో పలికినట్టే పలకడం మేలు. ఆమె రాసింది మళ్ళీ చూడండి, “బ్రాంచికి” అన్నది “బ్రాంచ్ కి” అయింది. ఇంగ్లీషు మాట దగ్గర నాలుక తిప్పి, ఒక్క క్షణం ఆగి, “కి” విడిగా అంటే ఇలా తెగుతుంది. “బ్రాంచికి”, “బ్యాంకులో”, “ఆఫీసునుంచి” అని అచ్చు చేర్చి ఒకే ఊపులో అనండి. వాక్యం సగంలో తెర వైపు చూసి ఆగకండి. ముందు తప్పుగా పడిన మాట వెనక మాటలు విన్నాక తనంతట దిద్దుకోవడం కనిపిస్తూ ఉంటుంది, ఆగిపోతే ఆ అవకాశం పోతుంది.

తెనాలి:
మీ మాటలు చదివి నేనూ ఫోన్లో చెప్పి చూశాను. “వెయ్యి నూట పదహార్లు” అంటే అక్షరాల్లోనే రాసింది. సంభావన పట్టీకి అదే అందం, 1116 అని రాస్తే బిల్లులా ఉంటుంది. కాబట్టి అన్నీ అంకెలు కావాలని అందరూ కోరుకోరు సుమా.

విజయవాడ:
నిజమే మాస్టారూ. “పదహారు” అని ఉంటే అంకె అయ్యేదేమో. “పదహార్లు” అన్న రూపం వల్ల వదిలేసిందని నా ఊహ, గట్టిగా చెప్పలేను.

కామారెడ్డి:
ఇప్పుడు నా వాక్యం ఇట్ల చెప్తున్న: “కామారెడ్డి బ్రాంచికి రెండు లేదా మూడు రోజుల్లో వెళ్ళి కామా లోను బ్యాలెన్సు పన్నెండు వేల అయిదు వందలు కట్టాలి పూర్ణవిరామం”. మార్పులన్నీ చేసినంక “కామారెడ్డి బ్రాంచికి రెండు లేదా మూడు రోజుల్లో వెళ్లి, లోను బ్యాలెన్సు 12500 కట్టాలి.” అని వచ్చింది. పైకం ఉన్న వరసలన్నీ పాసుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి చూస్తున్న.

ఇంకొకటి మిగిలింది. మా దగ్గర వడ్డీ “నూటికి రూపాయిన్నర” అంటరు. అది ఎప్పుడూ అక్షరాల్లోనే వస్తుంది, నాకు లెక్క గడిలో 1.50 కావాలె. “ఒకటి పాయింట్ అయిదు” అంటే ఒకసారి 1.5, ఒకసారి “1 పాయింట్ 5”. ఎవరికన్నా కుదిరిందా?

విజయవాడ:
నాకూ నిలకడగా రావడం లేదండీ. వడ్డీ గడి ఒక్కటీ చేత్తో కొడుతున్నాను. సరిగ్గా వచ్చేలా పలికే తీరు ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి.