అప్‌డేట్: మెగ్నీషియం పరమాణు భారం లెక్క కుదిరింది

నా ప్రశ్న: 0.040 గ్రా. మెగ్నీషియంను హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేసి హైడ్రోజన్‌ను నీటి మీద పట్టాను. 27°C దగ్గర 42.5 మి.లీ. వచ్చింది, బారోమీటర్ 752 మి.మీ. పరమాణు భారం 24.3 రావాలి, 23.4 ఎందుకు వస్తోంది?

అప్‌డేట్: జవాబిచ్చిన అందరికీ థాంక్స్. తేడా అంతా నీటి ఆవిరిదే. గొట్టంలో ఉన్నది హైడ్రోజన్ ఒక్కటే కాదు, నీటి ఆవిరి కూడా. 752 మి.మీ. ఆ రెండింటి పాక్షిక పీడనాల మొత్తం. 27°C దగ్గర నీటి బాష్పపీడనం 26.7 మి.మీ., అది తీసేస్తే హైడ్రోజన్‌కు మిగిలేది 725.3 మి.మీ., అంటే 0.954 అట్మాస్ఫియర్లు. PV = nRT లో పెడితే n = 0.001647 మోల్. 0.040ని దీనితో భాగిస్తే 24.3 వచ్చింది!

ఆవిరి పీడనం నీటి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది, ఎంత గ్యాస్ పట్టామన్న దాన్ని బట్టి కాదు. 20°C దగ్గర 17.5 మి.మీ. ఉండేది 35°C కల్లా 42.2 అవుతుంది. అందుకే మన ఎండాకాలం ల్యాబుల్లో ఈ సవరణ వదిలేస్తే తేడా ఇంకా పెద్దది.

ఇంకొక సంగతి: రీడింగ్ తీసేముందు గొట్టం లోపలి, బయటి నీటి మట్టాలు సమానం చేయాలి. లోపలి మట్టం 13.6 సెం.మీ. ఎత్తులో ఉంటే, లోపలి పీడనం బారోమీటర్ కంటే 10 మి.మీ. తక్కువ. దీన్ని పట్టించుకోకపోయినా పరమాణు భారం తక్కువగానే వస్తుంది, కాబట్టి జవాబు చూసి కారణం ఏదో చెప్పలేం.